అంతకు ముందు ఎవరిది?

నాకు కుళ్ళు. దాచుకోవడం దేనికి, ముందే చెప్పేస్తున్నాను. రిజిస్ట్రారు ఆఫీసు ముందు, రేకుల షెడ్డు కింద, నా బల్ల పక్కనే బల్ల వేసుకుని కూర్చునే ఆవిడంటే నాకు పదకొండేళ్ళుగా ఒళ్ళంతా కుళ్ళు. ఆవిడ నాకు చేసిన అపకారం ఏమీ లేదు. అదే అసలు బాధ. ఏదైనా చేసి ఉంటే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

నేను లేఖరిని, అంటే దస్తావేజులు రాసే మనిషిని. ఇళ్ళూ స్థలాలూ ఫ్లాట్లూ అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు ముందు నా దగ్గరికొచ్చి కాగితం రాయించుకుని, తరువాత లోపలికి వెళ్ళి సంతకాలు పెడతారు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. అరగంటలో దస్తావేజు చేతిలో పెడతాను కాబట్టి షెడ్డులో అందరూ నన్ను మెరుపు సార్ అంటారు. ఆ పేరు వింటే ఇప్పటికీ నాకు కాలరు కాస్త పైకి లేస్తుంది.

ఆవిడ పేరు తవ్వకాలమ్మ. కన్నవాళ్ళు పెట్టింది కాదు, నేను పెట్టింది. ఆవిడ చేతికి ఎవరైనా కాగితం ఇస్తే కళ్ళజోడు ముక్కు చివరకు జార్చి, స్కేలు ఒక్కో వరుస కింద పెట్టి చదువుతుంది. చదివాక తలెత్తి ఒకటే ప్రశ్న.

"అంతకు ముందు ఎవరిది?"

అమ్మేవాడు ఫలానావాడి దగ్గర కొన్నానంటాడు. "బాగుంది. అంతకు ముందు?" వాళ్ళ నాన్నది అంటాడు. "ఆ నాన్నకి పిల్లలెంతమంది? అందరూ సంతకం పెట్టారా? సరే, అంతకు ముందు?" ఇలా ఒక మనిషి వెనక ఇంకో మనిషిని లాగుతూ ముప్ఫై ఏళ్ళ వెనక్కి పోతుంది. ఒకరోజు ఉండబట్టలేక, "ఏమిటమ్మా, ఇల్లు కొంటున్నారా, పాతాళానికి నుయ్యి తవ్వుతున్నారా?" అన్నాను. షెడ్డంతా గొల్లుమంది. ఆ పూట నుంచీ ఆవిడ తవ్వకాలమ్మ అయింది.

వెటకారానికి పెట్టిన పేరు వెటకారంగానే ఉండాలి కదా! ఆరు నెలలు తిరిగేసరికి జనం గేటు దగ్గర నిలబడి, "ఇక్కడ తవ్వకాలమ్మ గారంటే ఎవరండీ? కాగితాలు బాగా చూస్తారట" అని అడగడం మొదలుపెట్టారు. అడిగేది ఎవరిని? గేటుకి దగ్గరగా కూర్చునే నన్ను! నా చేత్తో నేనే బోర్డు రాసి ఆవిడ బల్లకి తగిలించినట్టయింది.

ఆవిడ పుట్టుకతో లేఖరి కాదు. పద్దెనిమిదేళ్ళు ఆ ఆఫీసు రికార్డు గదిలో చిరిగిన పుస్తకాలకి జిగురు రాసి అట్టలు వేసేది. పాత రోజుల్లో ప్రతి దస్తావేజునీ పెద్ద పెద్ద పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించేవాళ్ళు. ఏ ఆస్తి ఏ పుస్తకంలో, ఎన్నో పేజీలో ఉందో వెతకడానికి వేరే చిట్టా పుస్తకాలుండేవి. ఆ దుమ్ములో ఏది ఏ అరలో ఉందో లోపలి గుమాస్తాలకి కూడా తెలియదు, ఆవిడకి తెలుసు. కంప్యూటర్లొచ్చి పనిలోంచి తీసేశాక లైసెన్సు పరీక్ష రాసి, పాసై, సరిగ్గా నా పక్కనే ఖాళీ ఉన్న చోట బల్ల వేసింది. షెడ్డులో ఇంకెక్కడా చోటే లేనట్టు!

ఎందుకమ్మా నీకు ఇంత చాదస్తం అని ఒకసారి నేనే అడిగాను. టీ తాగుతూ మామూలుగా చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఆవిడా ఆవిడ భర్తా ఒక ప్లాటు కొన్నారట. రంగుల కాగితం మీద లేఅవుటు, నంబరు, చుట్టూ రోడ్లు, అన్నీ ఉన్నాయి. దస్తావేజు రిజిస్టరు కూడా అయింది. గోడలు నడుం ఎత్తు లేచాక మున్సిపాలిటీ వాళ్ళొచ్చారు. మంజూరైన అసలు లేఅవుటు ప్లానులో ఆ ముక్క పార్కు. అమ్మినవాడు పార్కుని నాలుగు ప్లాట్లు చేసి నంబర్లు వేసుకున్నాడు.

"రిజిస్ట్రేషన్ అయింది కదా అన్నాం అన్నయ్యగారూ. రిజిస్ట్రేషన్ అయితే కాగితం మనదవుతుంది, స్థలం మనదవ్వాలంటే అమ్మినవాడిది అయ్యుండాలిగా. మా ఆయన ఆ మంజూరు ప్లాను ఒక్కసారి తెప్పించి చూసుంటే సరిపోయేది. చూడలేదు. కూల్చేశారు." అని గ్లాసు కడిగి పెట్టి, మళ్ళీ స్కేలు తీసుకుంది.

నాకు జాలేసింది. నిజం చెప్పొద్దూ, జాలి వెనకే ఇంకోటి కూడా వచ్చింది. ఇలాంటి కథ ఉంటే జనం నమ్మరూ మరి! నాకేముంది, చేతి వేగం తప్ప? జనం మాత్రం నా బల్ల దాటుకుని ఆవిడ బల్ల ముందు వరస కట్టేవాళ్ళు. దస్తావేజు పూర్తి చేయడానికి ఆవిడకి వారం పట్టినా సరే, కూర్చునేవాళ్ళు. కొంతమందినైతే కాగితాలు చూసి చూసి, "ఇది కొనకండి" అని పంపేసేది. రాసే దస్తావేజే లేకుండా చేసుకునే లేఖరిని నేనెక్కడా చూడలేదు. అలా పంపేసినవాళ్ళు దణ్ణం పెట్టి మరీ వెళ్ళేవాళ్ళు. నేను అరగంటలో పని చేసిపెట్టినవాడెవడూ నాకు దణ్ణం పెట్టిన పాపాన పోలేదు.

ఇదంతా షెడ్డు గోల. షెడ్డులోనే ఉంటే నేనూ సర్దుకునేవాణ్ణి. అది మా ఇంట్లోకి వచ్చింది.

మాది అద్దె ఇల్లు. రెండు గదులు, పై అంతస్తు. వంట గదిలో మా ఆవిడ కుట్టు మిషను, మిషను వెనక పొయ్యి. బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఒక కాలు పెడలు మీద, ఒక కన్ను పొంగే పాల మీద పెట్టుకుని ఇరవై ఏడేళ్ళు కుట్టింది. మేడ మెట్లు ఎక్కినప్పుడల్లా ఇంటి ఓనరు తలుపు తీసి చూస్తాడు, చుట్టాలెవరొచ్చారా, నీళ్ళు ఎంత వాడతారా అని. ఊళ్ళో వాళ్ళందరి ఇళ్ళూ నేనే రాస్తాను, నాకు మాత్రం మేకు కొట్టుకునే గోడ లేదు. మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలి.

ఈ ఏడాది మొదట్లో మా ఆవిడ, "ఏవండీ, నేనొక ఫ్లాటు చూశాను" అంది. మిషను మీద కూడబెట్టినదంతా ఒక్క దెబ్బలో పెట్టేస్తానంది. మూడో అంతస్తు, తూర్పు వైపు బాల్కనీ, మిషను వేసుకోవడానికి విడిగా ఒక మూల. అమ్మేది డ్రైవింగు స్కూలు నడిపి మానేసిన ముసలాయన. ఒంటరి మనిషి. మెత్తగా మాట్లాడతాడు. మేం చూడ్డానికి వెళితే మా ఆవిడ బాల్కనీలోంచి లోపలికి, లోపల్నించి బాల్కనీలోకి నాలుగుసార్లు తిరిగింది. ఆవిడ మొహంలో అంత వెలుగు మా పెళ్ళిలో కూడా చూళ్ళేదు. ఆ ముసలాయన మాత్రం నా వంక చూసి అదోలా నవ్వాడు. మర్యాదకి అనుకున్నాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ, "కాగితాలు ఎవరికైనా చూపించాలి కదా" అంది.

"ఎవరికైనా ఏమిటే? నేనేమైనా గడ్డి పీకుతున్నానా ఆ షెడ్డులో?"

"అది కాదండీ, మీ పక్కావిడ బాగా చూస్తుందంటారు..."

ఎవరంటారు! నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చలో ఎలాగూ ఓడాను, ఇంట్లో కూడా ఆవిడేనా?

మర్నాడే ఈసీకి అర్జీ పెట్టాను. ఈసీ అంటే, ఒక ఆస్తి మీద ఇన్నేళ్ళలో ఏయే దస్తావేజులు రిజిస్టరయ్యాయో ఆఫీసు ఇచ్చే జాబితా. ఎవరు ఎవరికి అమ్మారు, ఎవరికి దానమిచ్చారు, ఏ బ్యాంకుకి తాకట్టు రాసిచ్చారు, అన్నీ అందులో తేలతాయి. అర్జీలో ఇంటి నంబరు, హద్దులు, ఎన్నేళ్ళు వెతకాలో రాయాలి. మనం ఏ నంబరు రాస్తే ఆ నంబరు మీదే వెతుకుతారు. ముసలాయన ఇచ్చిన ఇంటి పన్ను రసీదు పైనే ఉంది. దాని మీద నంబరు చూసి గబగబా ఎక్కించేశాను. ఆయన ఫ్లాటు కొన్నప్పటి దస్తావేజు కింద ఉంది. అది విప్పనేలేదు. మెరుపు సార్‌ని కదా!

సాయంత్రానికి ఈసీ వచ్చింది. ముప్ఫై ఏళ్ళకీ నిల్. అంటే ఒక్క లావాదేవీ కూడా లేదని. తాకట్టు లేదు, జప్తు లేదు, దానం లేదు. జనం నిల్ చూస్తే లడ్డూ చూసినట్టు సంతోషిస్తారు. నేనూ అంతే. కాగితాన్ని గాల్లో ఆడించుకుంటూ షెడ్డులోకి వచ్చాను, పక్క బల్లకి కనపడేలా.

"ఏమిటన్నయ్యగారూ, సంతోషంగా ఉన్నారు?" అంది తవ్వకాలమ్మ.

"మా ఇల్లమ్మా. మేమే కొంటున్నాం. ఈసీ నిల్. అద్దంలా ఉంది. తవ్వడానికేం లేదు నీకు."

ఆవిడ నవ్వి, "మంచిమాట. ఏ వీధి?" అంది. చెప్పాను. స్కేలు పక్కన పెట్టి, "ఆ వీధిలో ఆరేళ్ళ క్రితం ఇంటి నంబర్లు మార్చారు అన్నయ్యగారూ. పాత నంబరుతో కూడా తీశారా?"

తీయలేదు. తీయలేదని చెప్పి, లోపలికి వెళ్ళి ఇంకో అర్జీ పెట్టడానికి నాకు పట్టేది పావుగంట. కానీ షెడ్డులో అందరూ చూస్తున్నారు. ఆవిడ చెబితే నేను వెళ్ళి తీసినట్టవుతుంది.

"తీయకేం! రెండూ తీశాను" అన్నాను.

అబద్ధం. ముప్ఫై ఏళ్ళ వృత్తిలో వేరే వాళ్ళ ఆస్తి విషయంలో ఎప్పుడూ ఆడని అబద్ధం, నా ఇంటి విషయంలో ఆడాను. ఇంటికెళ్ళి మా ఆవిడతో కూడా, "అంతా చూశాను, ఎల్లుండి మంచిరోజు, బయానా ఇచ్చేద్దాం" అన్నాను. ఆవిడ సరేనంది. ఆ సరే కొంచెం పొట్టిగా ఉందని నాకు తోచింది కానీ, పట్టించుకోలేదు.

బయానా ఇవ్వాల్సిన రోజుకి ముందురోజు పదకొండింటికి నేను ఒక క్రయ దస్తావేజు రాస్తూ తలెత్తాను. మా ఆవిడ! గేటులోంచి వస్తోంది. చేతిలో ఇంటి కాగితాల సంచీ. నా కోసమే అనుకుని చెయ్యి ఊపాను. ఆవిడ నా బల్ల ముందు ఒక్క క్షణం ఆగి, "మీరు పనిలో ఉన్నారుగా" అని, పక్కకెళ్ళి తవ్వకాలమ్మ ముందు స్టూలు మీద కూర్చుంది.

కట్టుకున్న భార్య! షెడ్డు నిండా జనం! నా పెన్ను ఆగిపోయింది. కడుపులో మంట కాదు, కొలిమి పెట్టినట్టయింది. టీ కొట్టువాడు, జిరాక్సువాడు, అవతల వరసలో ముగ్గురు లేఖర్లు, అందరూ ఒకసారి ఆవిణ్ణి చూసి, ఒకసారి నన్ను చూసి, మర్యాదగా తలలు దించుకున్నారు. నవ్వినా బాగుండేది.

తవ్వకాలమ్మ కూడా ఇబ్బంది పడింది. "వదినగారూ, అన్నయ్యగారు చూశారు కదా..." అంది.

"చూశారమ్మా. ఆయన ఆయనలాగ చూశారు. నువ్వు నీలాగ చూడు. ఇరవై ఏడేళ్ళు కుట్టాను నేను."

ఆవిడ స్కేలు తీసింది. నేను నా పని చేస్తున్నట్టు నటిస్తూ చెవులు అటే పెట్టాను. పది నిమిషాలయ్యాక అదే ప్రశ్న. ఈసారి నన్నే అడిగింది, మెల్లగా, పక్కవాళ్ళకి వినపడకుండా.

"అన్నయ్యగారూ, అంతకు ముందు ఎవరిది?"

"ఎవరిదేమిటి, ఆ ముసలాయనదే. బిల్డరు దగ్గర పదిహేనేళ్ళ క్రితం కొన్నాడు. దస్తావేజు నీ చేతిలోనే ఉందిగా."

"ఉంది. మరి ఈసీ నిల్ వచ్చిందేం? పదిహేనేళ్ళ క్రితం ఆయన కొన్న దస్తావేజు రిజిస్టరయిందే కదా. ముప్ఫై ఏళ్ళ ఈసీలో కనీసం అదొక్కటైనా కనపడాలిగా?"

ఒకటో తరగతి పిల్లాడికి తెలియాల్సిన సంగతి. అమ్మేవాడు కొన్న దస్తావేజే జాబితాలో లేదంటే అప్పులు లేవని కాదు, మనం వెతికింది ఆ ఇంటిని కాదని! నిల్ చూసి అద్దం అన్నాను. అద్దం కాదు, అసలు గోడే లేదు అక్కడ. ఆవిడ మా ఆవిడ వైపు తిరిగి, "ఏం లేదు వదినగారూ, నంబరు తేడా. పాత నంబరుతో ఇంకోసారి తీయిద్దాం. రేపు బయానా మాత్రం ఇవ్వకండి" అంది. నేను రెండూ తీశానని చెప్పిన అబద్ధాన్ని బయట పెట్టలేదు. పెట్టి ఉంటే కనీసం పోట్లాడేవాణ్ణి.

పాత నంబరుతో వచ్చిన ఈసీలో రెండు దస్తావేజులున్నాయి. ఒకటి పదిహేనేళ్ళ క్రితం ముసలాయన కొన్నది. రెండోది ఎనిమిదేళ్ళ క్రితం ఆయన తన కూతురికి ఇదే ఫ్లాటు రాసిచ్చిన దాన పత్రం.

మా ఆవిడ సంచీ మూతి గట్టిగా పట్టుకుంది. ఆ బాల్కనీ ఆవిడ కళ్ళ ముందే వెళ్ళిపోవడం నేను చూశాను.

తవ్వకాలమ్మ దాన పత్రం నకలుకి అర్జీ పెట్టింది. రెండు రోజులు పట్టింది. ఈలోగా నేను ముసలాయన దగ్గరికి ఊగిపోతూ వెళ్ళాను. "ఏమయ్యా, కూతురికిచ్చేసిన ఫ్లాటు మాకు అమ్ముతావా?"

ఆయన ఏమాత్రం తొణకలేదు. "అది రద్దు చేసేశాను సార్. పిల్ల నన్ను చూడ్డం మానేసింది. స్టాంపు కాగితం మీద రద్దు అని రాసి నోటరీ చేయించాను. ఇదిగో. పన్ను కూడా నా పేరునే ఉంది, నా అసలు దస్తావేజు నా దగ్గరే ఉంది. ఇంకేం కావాలి?" అని కాస్త వింతగా చూసి, "అయినా మీకు తెలుసుగా సార్! తెలిసే కొంటున్నారనుకున్నాను" అన్నాడు.

"నాకెలా తెలుస్తుంది?" అని కసిరి వచ్చేశాను. ముసలాయనకి మతిపోయిందనుకున్నాను.

నకలు వచ్చిన రోజు తవ్వకాలమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చదివింది. ఫ్లాటు కూతురికి ఇచ్చినట్టు, ఆ అమ్మాయి ఒప్పుకుని పుచ్చుకున్నట్టు, స్వాధీనం చేసినట్టు, తండ్రి ఏ హక్కూ మిగుల్చుకోనట్టు స్పష్టంగా ఉంది. "ఇచ్చేసింది ఆయన ఒక్కడే వెనక్కి తీసుకోవడం కుదరదు వదినగారూ. నోటరీ కాగితం చెల్లదు. ఆ అమ్మాయి వచ్చి ఆయనకి తిరిగి రాసివ్వాలి, లేదంటే తనే మీకు అమ్మాలి. కాదంటే కోర్టు ఆ దానం కొట్టేయాలి. పన్ను రసీదు ఆయన పేరున ఎందుకుందంటే, ఆ అమ్మాయి వెళ్ళి మార్పించుకోలేదు, అంతే. రసీదు హక్కు కాదు. మీరు కొని గృహప్రవేశం చేశాక ఏ ఏడాదికో ఆ అమ్మాయి తలుపు కొట్టేది."

చదువుతున్నంతసేపూ ఆవిడ ఆఖరి పేజీని వెనక్కి మడిచి, బొటనవేలితో నొక్కి పట్టుకుంది. దస్తావేజులు చదివేవాడికి ఆ మడత అర్థమవుతుంది. ఆఖరి పేజీలో ఉండేది సాక్షులూ, రాసినవాడి సంతకమూ.

మా ఆవిడ నీళ్ళ సీసా నింపుకోవడానికి లేచింది. నేను చెయ్యి చాపాను. తవ్వకాలమ్మ, "వద్దు లెండి అన్నయ్యగారూ" అంది. లాక్కున్నాను.

రాసినవాడు: నేను. నా సంతకం, నా లైసెన్సు నంబరు, కింద నేను గీసే అడ్డగీత కూడా.

ముసలాయనకి మతిపోలేదు. ఎనిమిదేళ్ళ క్రితం తండ్రీ కూతుళ్ళు నా బల్ల ముందే కూర్చున్నారన్నమాట. అరగంటలో రాసిచ్చి ఉంటాను. మొహాలు కూడా చూసి ఉండను. నేను రాసిన ఇల్లు నేనే కొనబోయాను, అదీ యజమాని కానివాడి దగ్గర! ఎవరైనా కథ చెబితే నేనే నవ్వేవాణ్ణి.

సిగ్గుపడాలి కదా ఆ క్షణంలో. పడ్డాను, లేదనను. కానీ సిగ్గు కంటే ముందు వచ్చింది కుళ్ళే. ఈ మనిషి నా తప్పు పట్టడమే కాదు, దాన్ని బొటనవేలి కింద దాచి నా పరువు కూడా కాపాడుతోందా! అంత మంచితనం కూడా ఆవిడకే ఉండాలా? దేవుడు పంచిపెట్టేటప్పుడు నేను ఏ వరసలో నిలబడ్డానో ఏమో!

ఇంటికి నడిచి వెళ్ళాం. ఇంట్లోకొచ్చి మిషను మీద గుడ్డ తీస్తూ మా ఆవిడ, "ఆ దానపత్రం మీరే రాశారుగా" అంది.

నేను ఉలిక్కిపడ్డాను. "ఎవరు చెప్పారు? ఆవిడేనా?"

"ఆవిడ దాచింది పాపం. కాగితం పల్చన, మీ అడ్డగీత వెనక వైపుకి కనపడింది. మన పిల్లల ప్రోగ్రెసు కార్డుల మీద ఎన్నిసార్లు చూశానండీ దాన్ని." సూదిలోకి దారం ఎక్కించింది. "ఎనిమిదేళ్ళ నాటిది మరిచిపోయారు, పోనివ్వండి. నాకదేం కష్టం అనిపించలేదు. ఆవిడ పాత నంబరు తీశారా అని అడిగిందటగా మిమ్మల్ని?"

నేను చొక్కా గుండీలు విప్పుకోసాగాను.

"జిరాక్సతను బజార్లో కనపడి చెప్పాడు, మీరు రెండూ తీశానన్నారని. సంచీలో చూస్తే ఒకటే ఉంది. అందుకే నేను కాగితాలు పట్టుకుని వచ్చింది. ఆవిడ కాకుండా ఇంకెవరు అడిగినా వెళ్ళి తీసేవారు మీరు. అవునా కాదా?"

అవును. ఇంకెవరు అడిగినా తీసేవాణ్ణి. మా ఆవిడ ఏడిస్తే ఓదార్చేవాణ్ణి, తిడితే తిరిగి తిట్టేవాణ్ణి. ఆవిడ రెండూ చేయకుండా మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను మంచం మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉండిపోయాను. కాసేపటికి మిషను ఆపి, "ఇంకో ఇల్లు చూస్తాను. కాగితాలు ఆవిడే చూస్తుంది. మీరు అలగకండి" అంది.

అలగలేదు. అలిగే మొహం ఎక్కడుంది?

తరువాత చూసిన ఫ్లాటు ఐదో అంతస్తులో. దాన్ని తవ్వకాలమ్మ రెండు రోజుల్లో తీసేసింది. మంజూరైన ప్లానులో నాలుగు అంతస్తులే ఉన్నాయట, ఐదోది బిల్డరు సొంత తెలివి. ఆ తరువాతది రెండో అంతస్తు. దానికి పదహారు రోజులు పట్టింది. బిల్డరు కొన్న స్థలం అంతకు ముందు ఎవరిదో, అంతకు ముందు ఎవరిదో, ఆ అన్నదమ్ముల్లో అందరూ సంతకం పెట్టారో లేదో చూసింది. కంప్యూటర్లు రాకముందు ఏళ్ళకి రికార్డు గదిలో చేత్తో వెతికించింది. ప్లాను, నివాసానికి ఇచ్చిన అనుమతి పత్రం, ఫ్లాటుకి వచ్చే స్థలం వాటా ఎన్ని గజాలో, బ్యాంకు అప్పు తీరినట్టు రిజిస్టరైన కాగితం, అన్నీ ఒక్కొక్కటే సంచీలో చేరాయి. ఈసారి బాల్కనీ లేదు. కిటికీ పెద్దది. మిషను దాని కింద పడుతుందని మా ఆవిడ కొలుచుకుని వచ్చింది.

పదిహేడో రోజు తవ్వకాలమ్మ సంచీ మూసి, "కొనుక్కోండి వదినగారూ" అంది. తరువాత నా వైపు తిరిగి, "దస్తావేజు మీరే రాయండి అన్నయ్యగారూ. మీ ఇల్లు" అంది.

వెటకారం కాదు, మనసారానే అంది. మా ఆవిడ నా వంక చూసింది, అంతే. నేను పెన్ను మూత తీశాను. అక్కడే ఆగిపోయాను. మా ఆవిడ మొహంలో, వెళ్ళిపోయిన ఆ బాల్కనీ కనపడింది నాకు.

"నువ్వే రాయమ్మా" అన్నాను.

ఆవిడ మూడు గంటలు రాసింది. ఇల్లు మా ఆవిడ పేరున. సాక్షిగా నేను సంతకం పెట్టాలి. పెట్టేముందు చదువుకుంటాను అని తీసుకుని నా బల్ల దగ్గరికి పోయాను. ఊరందరి ఇళ్ళూ రాసినవాణ్ణి, నా ఇంటికి సాక్షిని. చదివాను. హద్దులు, నంబర్లు, పాతదీ కొత్తదీ, పేర్లు, తండ్రి పేర్లు, గజాలు. జీవితంలో మొదటిసారి స్కేలు పెట్టుకుని ఒక్కో వరుసా చదివాను, ఎక్కడో ఒక్క తప్పు దొరక్కపోతుందా అని. ఒక్కటంటే ఒక్కటి. అక్షర దోషమైనా చాలు, అందరి ముందూ, "ఇదేమిటమ్మా!" అనడానికి.

రెండుసార్లు చదివాను. దొరకలేదు. కడుపు మండిపోయింది. ఆ మంటలోనే, మళ్ళీ ఇంకోసారి మొదటి పేజీ తీసి చూస్తే అక్కడ మా ఆవిడ పేరు ఉంది, కొనుగోలుదారు అని. అప్పుడు తెలిసింది నేను ఎవరి ఇంట్లో తప్పు వెతుకుతున్నానో. సంతకం పెట్టేశాను. అడ్డగీత వంకర పోయింది.